కుండీలో మొక్క వాడింది: నీళ్లు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా? ఆకును, మట్టిని చూసి తేల్చుకునే పద్ధతి

కుండీలో టమాటా మొక్క తల వాల్చేస్తే మన చేయి నేరుగా మగ్గు మీదికే పోతుంది. దాహం వేసిందనుకుని ఒక మగ్గు పోస్తాం. సాయంత్రానికి లేవకపోతే ఇంకో మగ్గు. దాహంతో వాడిన మొక్క అయితే మొదటి మగ్గుకే లేచి నిలబడుతుంది. వేళ్ల దగ్గర నీరు నిలిచిపోయి వాడిన మొక్కకు మాత్రం ఆ రెండు మగ్గులే ప్రాణం మీదికి తెస్తాయి. నేను పోగొట్టుకున్న టమాటా, వంగ మొక్కల్లో ఎక్కువ భాగం ఇలా ప్రేమగా నీళ్లు పోసి చంపుకున్నవే. అందుకే ఈ ఒక్క విషయాన్ని తీరిగ్గా రాస్తున్నాను.

రెండు కారణాలతో వాడిన మొక్కలూ ఒకేలా ఎందుకు కనిపిస్తాయి

ఆకు నిటారుగా నిలబడేది లోపల నిండి ఉన్న నీటి బిగువు వల్ల. ఆకు నుంచి ఆవిరైపోయే నీటికి సరిపడా వేళ్లు పైకి పంపలేకపోతే ఆ బిగువు తగ్గి ఆకు వాలిపోతుంది. మట్టి ఎండిపోతే వేళ్లకు పంపడానికి నీళ్లే ఉండవు. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

మట్టి నిండా నీళ్లున్నప్పుడు జరిగేది వేరు. వేళ్లు కూడా ఊపిరి తీసుకుంటాయి. మట్టి రేణువుల మధ్య ఉండే సందుల్లోని గాలి నుంచి వాటికి ఆక్సిజన్ అందుతుంది. ఆ సందులన్నీ నీటితో నిండిపోతే ఆక్సిజన్ లోపలికి చేరదు. గాలిలో కదిలినంత వేగంగా అది నీటిలో కదలలేదు, సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఊపిరాడని వేళ్లకు నీటిని లోపలికి తీసుకునే శక్తి పోతుంది. చుట్టూ నీళ్లున్నా మొక్క దాహంతోనే వాడుతుంది. అలాగే కొన్ని రోజులు గడిస్తే వేళ్లు చనిపోవడం మొదలై, తడిలో పెరిగే శిలీంధ్రాలు వాటిని కుళ్లబెడతాయి. వేరుకుళ్లు అంటే ఇదే.

కాబట్టి ఆకు వాలిందంటే వేళ్ల నుంచి నీరు అందడం లేదని మాత్రమే అర్థం. ఎందుకు అందడం లేదో చెప్పేది మట్టి. ఆకును చూసి అనుమానం తెచ్చుకోవాలి, మట్టిని చూసి నిర్ణయం తీసుకోవాలి. కింద రాసినదంతా ఈ వరుసలోనే ఉంటుంది.

మొదటి అడుగు: మధ్యాహ్నం తీర్పు చెప్పకండి, తెల్లవారి చూడండి

ఎండ బాగా ఉన్న రోజు మధ్యాహ్నం 1 నుంచి 3 గంటల మధ్య చూస్తే సగం మొక్కలు నీరసంగానే కనిపిస్తాయి. సొర, బీర, దోస లాంటి పెద్ద ఆకుల తీగలు మరీను. మట్టిలో పదును చక్కగా ఉన్నా ఆ వేళకు వాటి ఆకులు గొడుగు మడిచినట్టు వాలిపోతాయి. ఆకుల నుంచి నీరు ఆవిరయ్యే వేగాన్ని ఆ కాసేపు వేళ్లు అందుకోలేవు, అంతే. ఎండ దిగాక వాటంతట అవే లేస్తాయి. ఆ సమయంలో కంగారుపడి నీళ్లు పోస్తే, సాయంత్రం మొక్క లేవడం చూసి నా నీళ్ల వల్లే లేచిందనుకుంటాం. అలా రోజూ మధ్యాహ్నం అదనంగా ఒక మగ్గు పోయడం అలవాటైపోతుంది. అతిగా పోయడం చాలా ఇళ్లలో మొదలయ్యేది ఇక్కడే.

తెల్లవారుజామున, ఎండ పడకముందు చూడండి. రాత్రంతా ఆకుల నుంచి ఆవిరి పోవడం బాగా తగ్గుతుంది కాబట్టి ఆరోగ్యంగా ఉన్న మొక్క ఆ వేళకు నిటారుగా ఉండి తీరాలి. అప్పుడూ ఆకులు వాలి ఉంటే ఏదో తేడా ఉన్నట్టే. నేను నిర్ణయాలన్నీ ఈ పొద్దుటి చూపుతోనే తీసుకుంటాను.

ఒక్క మినహాయింపు ఉంది. మధ్యాహ్నమే మట్టి పొడిపొడిగా ఉండి, కుండీ దూదిలా తేలికగా ఉంటే తెల్లవారే దాకా ఆగాల్సిన పని లేదు. వెంటనే నీళ్లు పెట్టండి.

రెండో అడుగు: ఆకును చూడటమే కాదు, ముట్టుకుని చూడండి

చూపుకు రెండూ వాలిన ఆకులే. వేళ్ల మధ్య పట్టుకుంటే తేడా తెలుస్తుంది.

నీళ్లు తక్కువైన మొక్క ఆకు పలచగా, గుడ్డ పీలికలా ఉంటుంది. కొన్నాళ్లుగా సరిపడా నీళ్లు అందకపోతే ఆకు అంచులు గోధుమరంగుకు తిరిగి, అప్పడంలా నలిగితే పొడి అవుతాయి. పాలకూర, తోటకూర లాంటి ఆకుకూరల్లో రంగు మెరుపు తగ్గి మసకబారినట్టు కనిపిస్తుంది. మిరప, టమాటాల్లో ఆకుల కన్నా ముందు పూత రాలడం మొదలవుతుంది. లేత చిగురు కూడా వేలాడుతుంది.

నీళ్లు ఎక్కువైన మొక్క ఆకు మెత్తగా, కొంచెం బరువుగా అనిపిస్తుంది. పసుపు రంగు కింది ఆకులతో మొదలవుతుంది. ఆ పసుపు ఆకు ఎండి గలగలలాడదు, తడిగానే ఉండి ముట్టుకుంటే ఊడి చేతిలోకి వస్తుంది. కొన్నిసార్లు ఆకు అడుగున చిన్న చిన్న నీటి బొడిపెలు వచ్చి తర్వాత గరుకు మచ్చలుగా మారతాయి.

టమాటాలో ఇంకో మంచి గుర్తు ఉంది, దీన్ని చాలామంది గమనించరు. వేళ్ల దగ్గర నీరు నిలిచిన తొలి రోజుల్లో ఆకు వాడదు, ఆకు కాడ మాత్రం కిందికి వంగుతుంది. గొడుగు కమ్మీలు కిందికి దించినట్టు ఆకులన్నీ కాండం వైపు వాలి ఉంటాయి. కానీ ఆకును పట్టుకుంటే బిగువుగానే ఉంటుంది. ఊపిరాడని వేళ్ల నుంచి వచ్చే సంకేతం వల్ల ఆకుల్లో ఎథిలీన్ అనే వాయువు తయారై, కాడ పైభాగం అడుగుభాగం కన్నా ఎక్కువ సాగి అలా వంగుతుంది. ఆకు బిగువుగా ఉండి కాడ వాలిందంటే ఇంకా సమయం మించిపోలేదు. ఆ రోజే నీళ్లు ఆపితే మొక్క దాదాపు ఏమీ పోగొట్టుకోదు.

ఆకును మాత్రమే నమ్ముకుంటే మోసపోయే సందర్భం కూడా చెప్పాలి. టమాటా కింది ఆకులు పైకి చుట్టుకుని గొట్టాల్లా అవుతుంటాయి. అది నీళ్లు తక్కువైనా జరుగుతుంది, ఎక్కువైనా జరుగుతుంది, ఎండ తీవ్రతకూ జరుగుతుంది. దాన్ని బట్టి ఏదీ తేల్చలేం. అలాగే కింది ఆకులు పసుపైతే నత్రజని లోపం కూడా కావచ్చు. ఆ ఆకులు వాలవు, మొక్క పొద్దున్నే నిటారుగా ఉంటుంది, ఒంటి రంగే మొత్తంగా పాలిపోతుంది. అందుకే మట్టి దగ్గరికి వెళ్లక తప్పదు.

మూడో అడుగు: మట్టిని అడుగు దాకా చూడండి

కుండీ పైన కనిపించే మట్టి ఎండకు, గాలికి గంటల్లో ఆరిపోతుంది. దాన్ని చూసి నీళ్లు పోస్తే పొరపాటు పడ్డట్టే. వేళ్లున్నది మధ్యలో, అడుగున.

ముందు వేలు పెట్టండి. చూపుడు వేలు రెండో కణుపు దాకా దించితే సుమారు 5 సెంటీమీటర్ల లోతు అందుతుంది. అక్కడ చల్లగా తడి తగిలి, వేలికి మట్టి అంటుకుంటే ఈ రోజుకు నీళ్లు వద్దు. చిన్న కుండీలకు, ఆకుకూరల తొట్లకు ఈ పరీక్ష సరిపోతుంది.

10 అంగుళాలు దాటిన కుండీకి వేలు చాలదు. ఒక సన్నటి వెదురు పుల్ల లేదా పెయింట్ లేని చెక్క పుల్ల తీసుకోండి. కాండానికి కాస్త ఎడంగా, కుండీ అంచుకు, మొక్కకు మధ్యలో అడుగు తగిలేదాకా మెల్లగా దింపండి. 10 నిమిషాలు ఉంచి తీయండి. పుల్ల మీద తడి పట్టిన చోటు ముదురు రంగులోకి మారుతుంది. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తడి ఉందో కొలబద్దలా చూపిస్తుంది. పై సగం పొడిగా, కింది సగం కొద్దిగా తడిగా, కాస్త మట్టి రేణువులు అంటుకుని వస్తే నీళ్లు పెట్టే సమయం దగ్గరపడింది. మొత్తం పొడిగా వస్తే ఆలస్యమైంది. కింది భాగం బురద అంటుకుని వస్తే నీరు నిలిచింది. ఆ చివర వాసన చూడండి. మంచి మట్టికి వాన పడ్డప్పటి వాసన ఉంటుంది. మురుగు కాలువ వాసనో, కుళ్లిన గుడ్డు వాసనో వస్తే లోపల గాలి లేక చాలా రోజులైంది.

మిగతా సాక్ష్యాలు పైనే కనిపిస్తాయి. మట్టి మీద ఆకుపచ్చ పాచి, కుండీని కదిపితే లేచే చిన్న నల్ల ఈగలు ఉంటే తడి ఆరడం లేదు. మట్టి కుండీ అంచు నుంచి విడిపోయి చుట్టూ సందు పడితే బాగా ఎండింది.

ఆ సందు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది తికమకపడతారు. కోకోపీట్ ఎక్కువగా కలిపిన మిశ్రమం ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని వెంటనే పీల్చుకోదు. పోసిన నీరు అంచుల సందులోంచి జారి అడుగు రంధ్రంలోంచి బయటికి వచ్చేస్తుంది. పైన తడి, కింద నీరు కారుతోంది, చూసేవాళ్లకు కుండీ నిండినట్టే ఉంటుంది. లోపల వేళ్ల ముద్ద మాత్రం ఎండు కట్టె. రోజూ పోస్తున్నా మొక్క వాడుతోంది కాబట్టి నీళ్లు ఎక్కువయ్యాయని పొరబడి పోయడం ఆపేస్తారు. అడుగు దాకా దింపిన పుల్ల పొడిగా రావడం, కుండీ తేలికగా ఉండటం ఈ రెండూ అసలు సంగతి చెబుతాయి.

నాలుగో అడుగు: కుండీ బరువు

నా వరకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఇదే. ఒక లీటరు నీరు ఒక కిలో. కుండీలో రోజూ మారే బరువంతా దాదాపు నీళ్లదే. కాబట్టి కుండీని తూచితే లోపల ఎంత నీరుందో మట్టిని తవ్వకుండానే తెలుస్తుంది. మనుషులు బరువు చూసుకునే మెషిన్ చాలు. గ్రో బ్యాగ్ అయితే కొక్కెం తగిలించి తూచే చేతి కాటా వాడొచ్చు.

ఒకసారి మట్టి అంతా తడిసేలా నిదానంగా నీళ్లు పెట్టి, అడుగు నుంచి చుక్కలు కారడం ఆగేదాకా గంటసేపు వదిలి తూచండి. ఇది నిండు బరువు. కుండీ మీద మార్కర్‌తో రాసుకోండి. ఆ తర్వాత రోజూ పొద్దున్నే, నీళ్లు పోయకముందు, ఒక వారం తూచండి. ఎంత తగ్గిందో అదే ఆ రోజు మొక్క తాగింది, గాలికి ఆరింది కలిపి.

మెషిన్ లేకపోతే కుండీ అంచు పట్టుకుని ఒక పక్కకు కొద్దిగా వంచి చూడండి. నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఆరాక ఒకసారి వంచి చూస్తే నాలుగైదు రోజుల్లో చేతికి తేడా పట్టుబడుతుంది.

ఒక టమాటా కుండీ కథ, అంకెలతో

12 అంగుళాల ప్లాస్టిక్ కుండీ, అందులో రెండున్నర అడుగుల టమాటా, పూత మీద ఉంది. నిండు బరువు 15.2 కిలోలు. ఎండ రోజుల్లో తూస్తే రోజుకు సుమారు 900 గ్రాములు తగ్గేది. అంటే 900 మిల్లీలీటర్ల నీరు. నేను రోజూ పొద్దున్నే ఒక లీటరు పోసేవాణ్ణి. లెక్క సరిపోయింది, మొక్క కళకళలాడింది.

తర్వాత ముసురు పట్టింది. వాన కుండీ మీద పడకపోయినా ఎండ లేదు, గాలిలో చెమ్మ. ఆ రోజుల్లో మొక్క 300 మిల్లీలీటర్లకు మించి తాగదు. నా అలవాటు మాత్రం ఒక లీటరే. మిగతా 700 అడుగు నుంచి పోవాలి. పైగా నేల పాడవకూడదని కింద పళ్లెం పెట్టాను. వారం గడిచేసరికి ఒక పొద్దున్న కాడలన్నీ కిందికి వంగి ఉన్నాయి. ఆకు బిగువుగానే ఉంది. అట్టడుగు ఆకులు రెండు పసుపుబారాయి. పై మట్టి చూస్తే ఆరినట్టే ఉంది. ఆ పై మట్టిని నమ్మి ఉంటే ఇంకో లీటరు పోసేవాణ్ణే.

తూస్తే 15.6 కిలోలు. పొద్దున్న నీళ్లు పోయకముందే నిండు బరువు కన్నా 400 గ్రాములు ఎక్కువ. నిండు బరువంటే కారాల్సినదంతా కారాక మిగిలేది. దానికన్నా ఎక్కువ ఉందంటే కారాల్సిన నీరు లోపలే ఇరుక్కుందన్నమాట. పుల్ల దింపితే కింది నాలుగు అంగుళాలు బురద. పళ్లెం తీసి చూస్తే రంధ్రాలకు అడ్డంగా వేళ్లు జడలా అల్లుకుపోయాయి.

పళ్లెం తీసేసి కుండీని రెండు ఇటుకల మీద పెట్టాను. మొండి పుల్లతో అడుగు నుంచి రంధ్రాలను తెరిచాను. తర్వాత కుండీని ఒక పక్కకు బాగా వంచి, పడిపోకుండా ఆనించి అరగంట వదిలాను. సుమారు 700 మిల్లీలీటర్లు కారింది, బరువు 14.9కి వచ్చింది. ఇక నీళ్లు పోయలేదు. తర్వాతి పొద్దుటి బరువులు 14.6, 14.3, 13.9, 13.5. తగ్గుదల 300 నుంచి 400కి పెరగడం చూసి మనసు కుదుటపడింది. వేళ్లు మళ్లీ తాగుతున్నాయని అర్థం. నాలుగో రోజుకు చిగురు కాడలు పైకి లేచాయి. ఆ పొద్దున్న ఒకటిన్నర లీటరు పోశాను. పసుపైన రెండు ఆకులు మళ్లీ పచ్చబడలేదు, అవి పచ్చబడవు కూడా. గిల్లేశాను. కోలుకుంటోందా లేదా అన్నది కొత్త చిగురులోనే చూడాలి.

వంచితే నీళ్లు ఎందుకు కారాయో తెలిస్తే కుండీల సంగతి చాలావరకు అర్థమవుతుంది. గిన్నెలు తోమే స్పాంజిని నీటిలో ముంచి, అడ్డంగా పట్టుకుని చుక్కలు ఆగేదాకా ఉండండి. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పండి, మళ్లీ నీరు కారుతుంది. స్పాంజి అదే, ఎత్తు పెరిగింది. కుండీ అడుగున కూడా ఇలాగే కొంత మందాన నీరు ఎప్పుడూ కారకుండా నిలిచి ఉంటుంది. ఆ మందం మిశ్రమాన్ని బట్టి ఉంటుంది, కుండీ ఎత్తును బట్టి కాదు. అందుకే పొట్టి తొట్టిలో తడి పొర వేళ్లను ముంచేస్తుంది, పొడవు కుండీలో అడుగునే ఉండిపోతుంది. అడుగున గులకరాళ్లు, పెంకులు వేస్తే నీరు బాగా పోతుందని చాలామంది వేస్తారు. నిజానికి తడి పొర ఆ రాళ్ల పైకి జరిగి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. రాళ్ల బదులు రంధ్రాన్ని చిన్న జాలీ ముక్కతో కప్పి అడుగు దాకా మిశ్రమమే నింపడం మేలు.

నీళ్లు ఎక్కువైనట్టు తేలితే

పైన చెప్పినట్టు పళ్లెం తీయడం, రంధ్రాలు తెరవడం, వంచడం, ఆపడం. చాలా సందర్భాల్లో ఇంతే చాలు. మొక్కను ఒకటి రెండు రోజులు మండుటెండ నుంచి తప్పించి, వెలుతురు బాగా ఉన్న చోట పెట్టండి. దెబ్బతిన్న వేళ్లు ఎండ కోరినంత నీరు పంపలేవు. ఎరువు మాత్రం వేయకండి. ఆకు పసుపైందని యూరియానో, ద్రవ ఎరువో పోస్తారు. తీసుకునే శక్తి లేని వేళ్ల చుట్టూ ఉప్పు పెంచడమే అవుతుంది.

మూడు నాలుగు రోజులైనా బరువు తగ్గకపోతే, లేదా మురుగు వాసన వస్తే కుండీని పక్కకు పడుకోబెట్టి మొక్కను మట్టితో సహా జార్చి వేళ్లు చూడక తప్పదు. తెల్లగా, గట్టిగా ఉన్నవి బతికున్నవి. గోధుమరంగులో మెత్తబడి, పట్టుకుని లాగితే పై తొడుగు జారిపోయి దారంలాంటి నడిమి భాగం మిగిలేవి కుళ్లినవి. కుళ్లినవి శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, బురద మట్టి దులిపి, పొడిగా, గుల్లగా ఉండే కొత్త మిశ్రమంలో పెట్టండి. కుళ్లిపోయిన వేళ్ల మోతాదుకు తగ్గట్టు పైన ఆకులు, పిందెలు కూడా తీసేయాలి. సగానికి పైగా వేళ్లు పోయి, కాండం మొదలు మెత్తబడి నల్లబడితే ఆ మొక్క నిలవదు. కుండీ ఖాళీ చేసి కడిగి కొత్త నారు పెట్టుకోవడమే నయం.

నీళ్లు తక్కువైనట్టు తేలితే

ఒకేసారి గుమ్మరించకండి. ఒక మగ్గు నిదానంగా పోసి 10 నిమిషాలు ఆగి మళ్లీ ఒకటి, అలా మూడు నాలుగు విడతలు. మొదటి విడత మట్టిని మెత్తబరుస్తుంది, తర్వాతివి లోపలికి దిగుతాయి. అంచుల్లో సందు పడి ఉంటే ముందు మట్టిని వేళ్లతో నొక్కి ఆ సందు పూడ్చండి.

కోకోపీట్ కట్టెలా ఎండితే పైనుంచి ఎంత పోసినా లాభం లేదు. టబ్బులో కుండీ మూడో వంతు మునిగేలా నీరు పోసి అందులో కుండీని 30 నుంచి 45 నిమిషాలు ఉంచండి. పై మట్టికి తడి ఎక్కగానే తీసి, నీరంతా కారనివ్వండి. అంతకు మించి వదిలేస్తే ఇంకో జబ్బు తెచ్చినట్టే.

దాహంతో వాడిన మొక్క కొన్ని గంటల్లో లేస్తుంది, మరీ ఆలస్యమైతే మర్నాటి పొద్దుటికి. అంచులు ఎండిన ఆకులు అలాగే ఉంటాయి. బాగా బెట్టకు వచ్చిన మొక్క పూత, పిందె కొంత రాల్చుకుంటుంది, దానికి చేసేదేమీ లేదు. టమాటాలో ఒకసారి ఎండగట్టి ఒకసారి ముంచెత్తితే ఎదిగే కాయకు కాల్షియం సరిగ్గా అందక కాయ అడుగు నల్లగా కుళ్లుతుంది. ఎండాక ఒక్కసారిగా నీళ్లు పెడితే పండే కాయలు పగులుతాయి కూడా.

రెండూ కాకపోతే

మట్టి పదును చక్కగా ఉంది, వేళ్లు తెల్లగా ఉన్నాయి, అయినా టమాటానో వంగో ఒకటి రెండు రోజుల్లో పచ్చగా ఉండగానే మొత్తం వాడిపోయి పొద్దున కూడా లేవడం లేదంటే బాక్టీరియా ఎండు తెగులును అనుమానించాలి. కాండం మొదట్లో ఒక ముక్క కోసి గాజు గ్లాసులోని నీటిలో నిలువుగా, చివర మాత్రమే మునిగేలా పట్టుకోండి. కొన్ని నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలదారాల్లా తెల్లగా జారితే అదే. ఆ మొక్కను, మట్టిని ఇతర కుండీల్లో కలవకుండా తీసేయాలి. నీళ్ల సర్దుబాటుతో అది తగ్గదు.

ఆకు కొసలు, అంచులు మాడి, మట్టి మీద, కుండీ అంచున తెల్లటి పొర కనిపిస్తే అది ఎరువుల ఉప్పు పేరుకోవడం. చూడటానికి అచ్చం నీళ్లు తక్కువైనట్టే ఉంటుంది. కుండీ కొలతకు రెండింతల మంచినీరు నిదానంగా పోసి కారిపోనిస్తే కడుక్కుపోతుంది.

అలవాటును మార్చుకోవడం

రోజూ ఇన్ని మగ్గులు అన్న లెక్కను వదిలేయాలి. పోసే పరిమాణం కన్నా మళ్లీ ఎప్పుడు పోస్తున్నామన్నదే వేళ్లను బతికించేది, చంపేది. రంధ్రాలు బాగున్న కుండీలో ఒకేసారి ఎక్కువ పోస్తే మిగులు కారిపోతుంది, నష్టం లేదు. ఆరకముందే మళ్లీ మళ్లీ పోస్తేనే లోపలికి గాలి వెళ్లే అవకాశం ఉండదు. రోజూ కొంచెం కొంచెం పోయడం ఇంకో రకం తప్పు. పై రెండు అంగుళాలు ఎప్పుడూ తడిగా, అడుగు ఎప్పుడూ పొడిగా ఉండి వేళ్లు పైకే పాకుతాయి. అలాంటి మొక్క ఒక్క పూట ఎండకే సొలసిపోతుంది.

నా పద్ధతి ఇది. టమాటా కుండీ 15.2 నుంచి ఎంతకు దిగితే పొద్దున్నే వాడుతుందో ఒకసారి చూశాను, 12.1 దగ్గర వాడింది. అంటే మొక్కకు అందే నీరు సుమారు 3 లీటర్లు. అందులో సగం కాస్త మించి వాడుకోనిచ్చి, 13.5 దగ్గర నీళ్లు పెడతాను. తగ్గినది 1.7 లీటర్లు, అడుగు నుంచి కొద్దిగా కారేలా ఇంకో 200 మిల్లీలీటర్లు కలిపి 1.9 పోస్తాను. మొక్క కోలుకుంటున్న ఆ ముసురు రోజుల్లో మాత్రం పూర్తిగా నింపకుండా ఒకటిన్నరతో ఆపాను. ఎండ రోజుల్లో బరువు ఈ 13.5కి రెండు రోజులకు ఒకసారి వస్తుంది, ముసురులో ఐదు రోజులకు. నీళ్ల కొలత మారదు, మధ్య ఎడం మారుతుంది. అరగంట తర్వాత పళ్లెంలో నీరుంటే పారబోస్తాను.

ప్రతి కుండీని తూచాల్సిన పని లేదు. ఒకే సైజు, ఒకే పంట, ఒకే ఎండ పడే కుండీల్లో ఒకదాన్ని తూస్తే మిగతావాటికి అదే దారి చూపుతుంది. ఆకుకూరలను మాత్రం ఇంత ఆరనివ్వకూడదు, వేలి మొదటి కణుపు పొడి అనిపించగానే పెట్టాలి. చిన్న నారును పెద్ద కుండీలో నాటినప్పుడు మాత్రం కుండీ అంతా తడపకండి. వేళ్లు చేరని మట్టిలో నీటిని తాగేవాళ్లుండరు, అది వారాల తరబడి ఆరదు. మొదటి రెండు మూడు వారాలు మొక్క చుట్టూ జానెడు మేర మాత్రమే పోయండి.

రోజుకు రెండుసార్లు నీళ్లు పెట్టినా సాయంత్రానికి వాడుతున్న మొక్క ఉంటే దాన్ని జార్చి చూడండి. వేళ్లు గుండ్రంగా చుట్టుకుని మట్టే కనిపించకపోతే అది నీళ్ల సమస్య కాదు, చోటు సమస్య. ఒక సైజు పెద్ద కుండీలోకి మారిస్తే రోజు మార్చి రోజు నీళ్లు సరిపోతాయి.

కుండీ మీద రాసుకున్న నిండు బరువు మాత్రం శాశ్వతం కాదు. టమాటా పెరిగి కాయలు పట్టేసరికి మొక్క బరువే కిలో దాకా పెరగవచ్చు. పాత అంకెనే పట్టుకుంటే కుండీ బరువుగా ఉంది కదా అని నీళ్లు ఆలస్యం చేస్తాం, సరిగ్గా కాయ ఊరే రోజుల్లో మొక్క ఎండుతుంది. రెండు వారాలకోసారి మళ్లీ నిండా తడిపి, కారనిచ్చి, తూచి, పాత అంకె కొట్టేసి కొత్తది రాసుకోండి.